అందనంత దూరం పోకుండా: పొడవైన వ్యూహ క్రీడల్లో వెనకబడినవారికి ఊతం

రెండు మూడు గంటలు సాగే వ్యూహ క్రీడల్లో ఒక పాత జబ్బు ఉంది. మొదటి అరగంటలో ఎవరికైనా నాలుగు రూకలు ఎక్కువ వస్తే, ఆ నాలుగింటితో వాళ్లు మరో నాలుగు సంపాదించి పెట్టే వనరు కొంటారు. తర్వాతి రౌండులో తేడా ఎనిమిదవుతుంది, ఆ తర్వాత పదహారు. పిల్లలందరూ ఆడే బిజినెస్ ఆటలో ఇదే జరుగుతుంది. ఒకే రంగు స్థలాలన్నీ సంపాదించి వాటి మీద ఇళ్లు కట్టినవారి వైపు మిగతావారి డబ్బంతా అద్దెల రూపంలో కారిపోతుంది. గెలుపెవరిదో గంటలో తేలిపోతుంది, ఆట మాత్రం ఇంకో గంటన్నర నడుస్తుంది. ఆ గంటన్నరలో మిగిలిన ముగ్గురూ చేసే పని పాచికలు వేయడం, డబ్బు కట్టడం. వాళ్ల నిర్ణయాలకు విలువ పోయింది. లేచి వెళ్లిపోతే బాగుండదు కనుక కూర్చుంటారు.

ఈ జబ్బుకు మందుగా ఆటల రూపకర్తలు నియమాల్లో పెట్టే ఏర్పాటును ఇక్కడ ఊతం అందాం. వెనకబడినవారికి తిరిగి పోటీలోకి వచ్చే దారి చూపించడం దాని పని. పని తేలికగానే కనిపిస్తుంది. ముందున్నవారి దగ్గర కొంత లాగి వెనకున్నవారికిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఆట పాడయ్యేది సరిగ్గా అక్కడే. బాగా ఆడినందుకు శిక్ష పడుతుందని తెలిసినచోట ఎవరూ బాగా ఆడరు. మొదటి గంటలో కష్టపడి ఆలోచించి వేసిన ఎత్తుల ఫలితం ఒక్క నియమంతో తుడిచిపెట్టుకుపోతే ఆ గంట ఎందుకు ఆడినట్టు? వైకుంఠపాళిలో పై వరుసలో నోరు తెరుచుకుని ఉండే పెద్ద పాము అందరికీ ఆఖరిదాకా ఆశ మిగులుస్తుంది. అక్కడ అది చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ ఆటలో ఎవరి నిర్ణయమూ లేదు, అంతా పాచికదే. నిర్ణయాల మీద నడిచే ఆటలో అలాంటి పామును పెడితే నిర్ణయాలకు విలువే ఉండదు.

ఈ రెండు ప్రమాదాల మధ్య నుంచి దారి తీసిన ఆటల్లో దగ్గరగా చూడదగ్గది పవర్ గ్రిడ్. జర్మన్ రూపకర్త ఫ్రీడెమన్ ఫ్రీజ దీన్ని 2001లో ఫుంకెన్‌ష్లాగ్ పేరుతో తెచ్చాడు. ఆటగాళ్లు పటం మీద రంగు పెన్సిళ్లతో కరెంటు తీగలు గీసుకునే ఆ తొలి రూపాన్ని మార్చి, 2004లో ఇప్పుడు అందరికీ తెలిసిన రూపాన్నిచ్చాడు. ఒక్కో ఆటగాడు ఒక్కో విద్యుత్ కంపెనీ. వేలంలో పవర్ ప్లాంట్లు కొనాలి, వాటికి బొగ్గో చమురో చెత్తో యురేనియమో కొనాలి, పటంలోని నగరాలను తమ తీగలకు కలుపుకోవాలి. రౌండు చివర ఎన్ని నగరాలకు వెలుగిస్తే దాన్నిబట్టి ఎలెక్ట్రోలనే డబ్బు వస్తుంది. నలుగురు ఆడితే సాధారణంగా రెండు గంటలు దాటుతుంది.

ఈ ఆటలో ఊతమంతా వరుసక్రమంలో ఉంది. ప్రతి రౌండు మొదట్లో ఆటగాళ్లను వరుసలో నిలబెడతారు. ఎక్కువ నగరాలు కలిపినవారు మొదటి స్థానం, తక్కువ కలిపినవారు ఆఖరి స్థానం. నగరాలు సమానమైతే పెద్ద నంబరు ప్లాంటున్నవారు ముందు. ఆ తర్వాత వేలం ఈ వరుసలోనే మొదలవుతుంది. ఇంధనం కొనడం, నగరాలు కలపడం మాత్రం తలకిందులుగా, అంటే ఆఖరివారితో మొదలై మొదటివారితో ముగుస్తాయి.

వేలంలో ముందుండటం మంచిదేగా అనిపించవచ్చు, కాదు. మొదటి స్థానంలో ఉన్నవారు ముందుగా ఒక ప్లాంటును వేలానికి పెట్టాలి. వద్దనుకుంటే ఆ రౌండులో వాళ్లకు ఇక ప్లాంటు లేదు. పెట్టి కొన్నారా, ఆ ఖాళీలోకి కట్టలోంచి కొత్త ప్లాంటు వస్తుంది. అది ఇంకా మెరుగైనదైతే దక్కేది వెనకున్నవారికి, ఎందుకంటే రౌండుకు ఒక్కొక్కరు ఒక్క ప్లాంటే కొనగలరు. అందరూ కొనేసిన తర్వాత మిగిలిన ఆఖరి ఆటగాడికి పోటీపాట పాడేవాళ్లుండరు. ప్లాంటు మీద రాసి ఉన్న కనీస ధరకే అది చేతికొస్తుంది.

ఇంధనం సంతలో ఏం జరుగుతుందో అంకెలతో చూస్తే ఈ ఏర్పాటు నేర్పు అర్థమవుతుంది. బొగ్గు సంతలో 1 నుంచి 8 దాకా ధర గడులుంటాయి, ఒక్కో గడిలో మూడు బొగ్గు ముక్కలు పడతాయి. కొనేవారు ఎప్పుడూ చవక గడిలోంచే తీసుకుంటారు, అది ఖాళీ అయ్యాక పై ధరకు వెళ్తారు. అంటే ముందు కొన్నవారు చవకగా కొంటారు, తర్వాత కొన్నవారు మిగిలిన ఖరీదైన ముక్కలు కొంటారు. ఆట నడిమధ్యలో ఒక రౌండు ఊహించుకుందాం. ఎర్ర రంగు ఆటగాడికి 6 నగరాలు, నీలానికి 5, పసుపుకు 5, పచ్చకు 4. నీలం, పసుపు సమానమే గానీ నీలం చేతిలో పెద్ద నంబరు ప్లాంటుంది, కాబట్టి నీలం వరుసలో పైన. సంతలో 1, 2 ధరల గడులు ఖాళీ. 3 దగ్గర రెండు ముక్కలు మిగిలాయి, 4 నుంచి 8 దాకా గడులన్నీ నిండుగా ఉన్నాయి.

కొనుగోలు పచ్చతో మొదలవుతుంది. పచ్చకు నాలుగు ముక్కలు కావాలి. రెండు మూడేసికి, రెండు నాలుగేసికి దొరుకుతాయి, మొత్తం 14 ఎలెక్ట్రోలు. పసుపుకు రెండు చాలు. ఒకటి 4కు, ఒకటి 5కు, మొత్తం 9. నీలానికి మూడు కావాలి. రెండు ఐదేసికి, ఒకటి 6కు, మొత్తం 16. ఎరుపు వంతు వచ్చేసరికి అతనికీ నాలుగు ముక్కలే కావాలి, కానీ దొరికేవి రెండు ఆరేసికి, రెండు ఏడేసికి. మొత్తం 26. ఒకే సరుకు, ఒకే పరిమాణం, పచ్చ కట్టింది 14, ఎరుపు కట్టింది 26.

ఇప్పుడు రాబడి. ఈ రౌండులో ఎవరూ కొత్త నగరం కలపలేదని, అందరూ తమ నగరాలన్నిటికీ వెలుగిచ్చారని అనుకుందాం. ఆరు నగరాలకు 73 ఎలెక్ట్రోలు, నాలుగింటికి 54. ఎరుపుకు 19 ఎక్కువ వచ్చింది. బొగ్గు ఖర్చు తీసేస్తే ఎరుపుకు 47, పచ్చకు 40 మిగులుతాయి. 19 ఉన్న తేడా 7కు దిగింది.

ఈ ఏడు అంకెను కాస్త నిలబడి చూడాలి. ఊతమనేది లేకపోతే ఎరుపు రౌండుకు పంతొమ్మిది చొప్పున దూరమవుతూ పోయేవాడు. నాలుగైదు రౌండుల్లో పచ్చ పని అయిపోయేది. ఊతం మరీ బలంగా ఉంటే ఎరుపుకు 35, పచ్చకు 45 మిగిలేవి, అప్పుడు ఆరు నగరాలు కలిపినందుకు ఎరుపు నష్టపోయినట్టు లెక్క. ఇక్కడ రెండూ జరగలేదు. ఎరుపు ఇంకా ముందే ఉన్నాడు, రౌండు రౌండుకూ ఇంకాస్త ముందుకు పోతూనే ఉన్నాడు, అతను కలిపిన ఆరు నగరాలు అతనివే, ఎవరూ వాటి జోలికి రాలేదు. పచ్చ చేతికి ఎవరూ ఏమీ ఉచితంగా ఇవ్వలేదు. అందరికీ ఉమ్మడిగా ఉన్న సంతలో ముందు నిలబడే వీలు మాత్రమే ఇచ్చారు. ఆ వీలును వాడుకోవడం పచ్చ తెలివి మీద ఉంది. బొగ్గు ప్లాంట్లకు బదులు ఎవరూ వాడని ఇంధనం ప్లాంట్లు కొని ఉంటే, సంతలో తోపులాటే లేదు కనుక ముందు నిలబడినా ఒరిగేది పెద్దగా ఉండదు. అలాగే ముందున్న ఎరుపు కూడా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. గాలిమర ప్లాంటు కొంటే దానికి ఇంధనమే అక్కర్లేదు. లేదంటే చవకగా ఉన్నప్పుడు బొగ్గు నిల్వ చేసుకోవచ్చు, ప్రతి ప్లాంటూ తనకు కావలసినదానికి రెట్టింపు దాకా దాచుకోగలదు. ముందుంటే ఎదురయ్యే ఇబ్బంది ఏమిటో ముందే తెలిసిన ఇబ్బంది, దాన్ని తగ్గించుకునే దారులు ఆటలోనే ఉన్నాయి. శిక్షకూ సవాలుకూ తేడా ఇదే.

నగరాలు కలిపే దశలోనూ ఇదే తర్కం. ఆట మొదటి అంచెలో ఒక నగరంలో ఒక్కరికే చోటు, ఖర్చు 10 ఎలెక్ట్రోలు, దానిపైన తీగ దూరాన్నిబట్టి అదనం. దగ్గర్లో ఉన్న చవక నగరం వెనకున్నవారికి ముందు దొరుకుతుంది. ఎవరైనా ఏడో నగరం కలిపిన తర్వాత రెండో అంచె వస్తుంది, అప్పుడు ప్రతి నగరంలోనూ రెండో కంపెనీకి 15కు చోటు తెరుచుకుంటుంది. మొదటి అంచెలో నాలుగు వైపులా దారి మూసుకుపోయి ఇరుక్కున్నవారికి ఇది ఊపిరి. మూడో అంచెలో 20కు మూడో చోటు. ముందున్నవారు ఆటను ముందుకు నెట్టిన కొద్దీ వెనకున్నవారికి తలుపులు తెరుచుకుంటాయన్నమాట.

రాబడి పట్టికలో ఇంకో ఊతం సద్దు లేకుండా ఉంది. ఒక్క నగరానికీ వెలుగివ్వలేనివారికి కూడా 10 ఎలెక్ట్రోలు వస్తాయి, కాబట్టి ఎవరూ పూర్తిగా చేతులెత్తేసే పరిస్థితి రాదు. మొదటి నగరం వెలిగిస్తే 22, అంటే పన్నెండు పెరిగింది. ఆరు నుంచి ఏడుకు వెళ్తే 73 నుంచి 82, తొమ్మిదే పెరిగింది. పదమూడు నుంచి పద్నాలుగుకు ఐదు. పంతొమ్మిది నుంచి ఇరవైకి రెండే. ఈ పట్టిక అందరికీ ఒకటే. ముందున్నవారిని వేలెత్తి చూపే మాట అందులో ఎక్కడా లేదు. అయినా ముందు నడిచేవారికి ప్రతి కొత్త నగరమూ తక్కువ తెస్తుంది, వెనక వచ్చేవారికి ఎక్కువ తెస్తుంది. అందరికీ ఒకేలా వర్తించే నియమంలో ఊతాన్ని ఇమడ్చగలిగితే అంతకంటే మంచి పద్ధతి లేదు, ఎందుకంటే తనకు అన్యాయం జరిగిందని ఎవరికీ అనిపించదు.

దీనికి ఎదురుగా పెట్టి చూడదగ్గది క్లాస్ టోయ్‌బర్ 1995లో చేసిన కటాన్‌లోని దొంగ. రెండు పాచికల మొత్తం 7 పడితే, వేసినవారు దొంగ పావును ఎవరి పొలం మీదైనా పెట్టవచ్చు. ఆ పొలంలో పంట ఆగిపోతుంది, పక్కన ఊరున్న ఒకరి చేతిలోంచి ఒక కార్డు కూడా లాక్కోవచ్చు. ముప్పై ఆరు రకాల పాటుల్లో ఆరు 7కు వస్తాయి కనుక దొంగ తరచుగానే కదులుతాడు. ముందున్నవారిని అందరూ కలిసి ఆపగలిగేందుకు ఇది పనికొస్తుంది. కానీ ఎవరి మీద పెట్టాలన్నది ఆటగాళ్ల ఇష్టం. అందువల్ల ఆట కాస్తా వాదనల మీదికి మళ్లుతుంది. నేను ముందు లేను, అతనే ముందున్నాడని నమ్మించగలిగినవారు తప్పించుకుంటారు. పైకి కనిపించే ఆధిక్యం ఉన్నవారు దెబ్బ తింటారు, చేతిలో రహస్య కార్డులతో నక్కినవారు గెలుస్తారు. ఒక్కోసారి గెలుపు ఆశ లేని ఆటగాడి పాత కోపం ఎవరు గెలవాలో తేలుస్తుంది. గంట, గంటన్నర ఆటలో ఈ పేచీలు సరదాగానే ఉంటాయి, కటాన్‌కు అంత ఆదరణ రావడంలో వాటి పాలూ ఉంది. ఐదారు గంటల ఆటలో అదే దొంగను పెడితే, నాలుగు గంటల కష్టం ఒకరి మనసు మీద ఆధారపడుతుంది. పొడవైన ఆటకు ఊతం నియమంలో ఉండాలి, మనుషుల దయలో కాదు.

కంప్యూటర్ ఆటల్లో ఇదే ఆలోచన ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఆరు వేల ఏళ్ల నాగరికతను నడిపించే సివిలైజేషన్ వరుసలో, 2005లో వచ్చిన నాలుగో ఆటలో, ఒక విద్య తమకు పరిచయమున్న ఇతర నాగరికతలకు ఇప్పటికే తెలిసి ఉంటే దాన్ని నేర్చుకునే ఖర్చు తగ్గుతుంది. ఎందరికి తెలిస్తే అంత తగ్గింపు. మొదట కనిపెట్టినవారు ఆ విద్యతో వచ్చే సైన్యాన్నో కట్టడాన్నో ముందుగా వాడుకున్నారు, ఆ లాభం వాళ్లదే. వాళ్ల నుంచి ఏమీ పోలేదు. వెనకున్నవారు మాత్రం పూర్తి ఖర్చు పెట్టనక్కర్లేదు కనుక దూరం ఒక హద్దు దాటి పెరగదు. పరిచయమున్న నాగరికతలే లెక్కలోకి వస్తాయన్న షరతు చాలా ముఖ్యం. దాంతో ఓడలు పంపి, పొరుగువారిని వెతికి పట్టుకోవడం వెనకబడినవారు చేయవలసిన పని అవుతుంది. సాయం ఇంటికి నడిచి రాదు, వెళ్లి తెచ్చుకోవాలి.

ఊతం ఎంత బాగా అమర్చినా దానివల్ల పుట్టే ఒక వికారముంది, పవర్ గ్రిడ్‌లోనూ అది కనిపిస్తుంది. వెనకుండటం లాభమైనప్పుడు కావాలనే వెనకుంటారు. పై లెక్కలోని పచ్చ ఆలోచన ఇలా ఉంటుంది: ఇంకో నగరం కలిపి ఐదుకు చేరితే రాబడి 54 నుంచి 64 అవుతుంది, పది ఎక్కువ. కానీ ఇప్పుడు నీలం, పసుపులతో సమానమయ్యాడు. పెద్ద నంబరు ప్లాంటున్నది తనకే అయితే ఇద్దరికంటే పైకి, పసుపు కంటే మాత్రమే పెద్దదైతే ఒక మెట్టు పైకి పోతాడు. ఒక మెట్టే అనుకుందాం. సంత అదే స్థితిలో ఉంటే పసుపు తనకంటే ముందు రెండు మూడు రూకల ముక్కలు తీసుకుంటాడు. పచ్చకు మిగిలేవి మూడు నాలుగేసికి, ఒకటి 5కు, అంటే నాలుగు ముక్కలకు 17. పాత ఖర్చు కంటే మూడు ఎక్కువ. కొత్త నగరం కోసం ఇంకో ముక్క కావలసి వస్తే దానికి మరో 5. మొత్తం ఎనిమిది ఖర్చు పెరిగి, పది రాబడి పెరిగింది. ప్రతి రౌండూ రెండు మిగులు, పైగా నగరం శాశ్వతం. ఈ అడుగు వేయడమే మంచిది.

ఏడో నగరం దగ్గర లెక్క తిరగబడుతుంది. ఆరు నగరాలున్న ఆటగాడు ఏడోది కలిపితే రాబడి పెరిగేది తొమ్మిదే. అందుకు బదులుగా అతను వరుసలో మొదటికి పోతాడు, బొగ్గు ఆఖరున కొంటాడు. అంతకంటే పెద్ద సంగతి, అతను రెండో అంచెను తెరిచాడు. తర్వాతి రౌండులో కొత్తగా తెరుచుకున్న రెండో చోట్లలోకి ముందుగా వెళ్లేది వెనకున్నవారు, ఆఖరున వెళ్లేది తను. అందుకే ఆరితేరినవారు ఆడే ఆటల్లో ముగ్గురు నలుగురు ఆరో నగరం దగ్గర ఆగి, చేతిలో డబ్బుండి కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ రౌండ్లు గడపడం మామూలే. కొందరికి ఈ బిగువే ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం, ఎవరి ఓపిక ముందు తెగుతుందో చూడటం. ఇంకొందరికి ఇది ఆటలోని పెద్ద లోపం. రెండు మాటల్లోనూ నిజముంది. ముందుకు కదలడమే తప్పుగా తోచే రౌండ్లు ఆటలో రెండు మూడుంటే అది బిగువు. సగం ఆట అలాగే గడిస్తే రూపకర్త ఊతాన్ని మోతాదు మించి వేశాడని అర్థం.

ఈ వికారానికి మూలం ఎవరు ముందున్నారని దేన్నిబట్టి కొలుస్తున్నామన్నదానిలో ఉంది. నగరాల సంఖ్య అందరికీ కనిపిస్తుంది, దాన్ని దాచలేరు, గెలుపుకు దగ్గరి సంబంధమున్న కొలత అదే. అందుకే ఫ్రీజ దాన్ని ఎంచుకున్నాడు. కానీ గెలుపు అచ్చంగా నగరాల సంఖ్య మీద లేదు. నలుగురి ఆటలో ఎవరైనా పదిహేడో నగరం కలిపిన రౌండులో ఆట ముగుస్తుంది. గెలిచేది ఎక్కువ నగరాలు కలిపినవారు కాదు, ఆ రౌండులో ఎక్కువ నగరాలకు వెలుగివ్వగలిగినవారు. అది సమానమైతే చేతిలో ఎక్కువ డబ్బున్నవారు. పదిహేడు నగరాలుండి పదిహేనుకే సరిపడా ప్లాంట్లున్న ఆటగాడిని, పదహారు నగరాలుండి పదహారుకూ వెలుగిచ్చినవారు ఓడిస్తారు. కొలతకూ గెలుపుకూ మధ్య ఉంచిన ఈ చిన్న ఎడంలో రెండు పనులు జరుగుతాయి. వెనకున్నవారికి ఆఖరి రౌండు దాకా ఆశ మిగులుతుంది. తక్కువ నగరాలతో, మంచి ప్లాంట్లతో పొంచి ఉన్నవారిని మిగతావారు కనిపెట్టవలసి వస్తుంది, అంటే బోర్డును చదివే నేర్పుకు విలువ పెరుగుతుంది.

ఊతం చేయలేని పనీ ఉంది. మొదటి నాలుగు రౌండుల్లో పనికిమాలిన ప్లాంట్లకు ఎక్కువ పాడి, దారి మూసుకుపోయిన మూలలో మొదలుపెట్టిన ఆటగాడిని ఈ ఏర్పాట్లేవీ గెలిపించలేవు. గెలిపించకూడదు కూడా. వెనకబడటం రెండు రకాలు. పెద్ద తప్పేమీ చేయకుండా ఒక అడుగు వెనక ఉన్నవారు ఒకరు, వరుసగా తప్పులు చేసినవారు మరొకరు. మొదటివారిని పోటీలో ఉంచితే చాలు. రెండోవారికి కావలసింది గెలుపు ఆశ కంటే ఎక్కువగా, చేయడానికి ఏదో ఒక అర్థమున్న పని. నాలుగో స్థానం నుంచి మూడుకు ఎగబాకే అవకాశం, ఒక మంచి ప్లాంటును కనీస ధరకు కొట్టేసిన సంతోషం, కుర్చీలో కూర్చోబెట్టడానికి అవి చాలు.

మోతాదు సరిపోయిందో లేదో రూపకర్తకు తెలిసేది పరీక్ష ఆటల్లోనే. నలుగురు ఆడే ఆటను పదే పదే ఆడించి, ప్రతి రౌండు చివరా ఎవరు ఏ స్థానంలో ఉన్నారో రాసుకోవాలి. సగం ఆట అయ్యేసరికి ముందున్నవారు చివరికి ఎన్నిసార్లు గెలిచారో చూడాలి. నాలుగింటికి ఒక్కసారే గెలిచారంటే మొదటి సగం ఆడినా ఆడకపోయినా ఒకటేనన్నమాట, ఊతం దాన్ని మింగేసింది. దాదాపు ప్రతిసారీ గెలిచారంటే రెండో సగం వృథా. సరైన చోటు ఈ రెండిటి నడుమ ఎక్కడో ఉంటుంది. ఎంత పొడవైన ఆట అయితే ముందంజకు అంత ఎక్కువ విలువ మిగల్చాలి, ఎందుకంటే దాన్ని సంపాదించడానికి పెట్టిన సమయమూ అంత ఎక్కువ.

అంకెలు చెప్పనిది ఒకటుంది. ఆశ అనేది మనసులోది, స్థానాల పట్టికలో కనిపించదు. అందుకే మూడింట రెండొంతుల ఆట గడిచాక ఒక నిమిషం ఆపి, ప్రతివారినీ చీటీ మీద రెండు మాటలు రాయమంటారు: ఎవరు గెలుస్తారనుకుంటున్నారు, మీరు గెలవగలరా. నలుగురూ ఒకే పేరు రాసి, ముగ్గురు తాము గెలవలేమని రాస్తే, పట్టికలో తేడా తక్కువగానే ఉన్నా ఆట చచ్చిపోయినట్టే. ఊతం ఉండి కూడా కనిపించడం లేదు, దాన్ని బోర్డు మీద కళ్లకు కట్టేలా పెట్టాలి. మూడో పరీక్ష మరీ కఠినమైనది. నేర్పున్న ఒక ఆటగాడికి రహస్యంగా ఒక ఆదేశమిస్తారు: ఆట మూడింట రెండొంతులు అయ్యేదాకా కావాలని ఆఖరున ఉండి, తర్వాత విజృంభించు. సమాన నేర్పున్న ముగ్గురి మీద అతను తన వంతు కంటే ఎక్కువసార్లు గెలిస్తే నియమంలో కన్నముంది. ఆట బయటికొచ్చిన వారంలోనే ఆటగాళ్లు ఆ కన్నాన్ని కనిపెడతారు.

కన్నం కనపడ్డాక నియమాన్ని తీసేయనక్కర్లేదు, ఒక అంకెను మార్చి చూస్తే చాలు. బొగ్గు సంతలో ఆ అంకె ఒక్కో గడిలో పట్టే ముక్కల సంఖ్య. మూడుకు బదులు ఆరు పెట్టి, 3 ధర గడిలో నాలుగు మిగిలాయనుకుని పై రౌండునే మళ్లీ లెక్కేస్తే, పచ్చ నాలుగు ముక్కలూ మూడేసికే కొని 12 కడతాడు. పసుపు, నీలం కలిసి ఐదు ముక్కలు నాలుగేసికి తీసుకుంటారు. ఎరుపుకు ఒకటి 4కు, మూడు ఐదేసికి దొరుకుతాయి, మొత్తం 19. బొగ్గు ఖర్చులో తేడా పన్నెండు నుంచి ఏడుకు తగ్గింది. ఖర్చు పోగా ఎరుపుకు 54, పచ్చకు 42 మిగులుతాయి, ఎరుపు ఆధిక్యం రౌండుకు పన్నెండు. ఊతం ఉంది గానీ పలచబడింది. అదే గడికి ఒక్క ముక్కే పట్టేలా చేస్తే 3 నుంచి 8 దాకా సంతలో ఉండేవి ఆరే ముక్కలు. పచ్చ నాలుగు, పసుపు రెండు తీసుకునేసరికి సంత ఖాళీ. నీలానికీ ఎరుపుకూ ఎంత డబ్బున్నా బొగ్గు దొరకదు, నిల్వ లేకపోతే వాళ్ల బొగ్గు ప్లాంట్లు ఆ రౌండు ఆగిపోతాయి. నియమం అదే, వరుసక్రమం అదే. గడిలో పట్టే ముక్కల సంఖ్య మారితే ఊతం కాస్తా శిక్షగా మారింది. పరీక్ష ఆటల మధ్య రూపకర్త ఎక్కువ సమయం గడిపేది ఇలాంటి ఒకటి రెండు అంకెలను అటూ ఇటూ జరపడంలోనే, ఒకేసారి ఒక్క అంకెనే, మార్చిన ప్రతిసారీ ఆ మూడు పరీక్షలూ మళ్లీ పెడుతూ.